కొత్త జంటల డబ్బు పాడ్‌కాస్ట్‌కి ట్రైలర్ రాయాలంటే గొడవతో మొదలుపెట్టండి

ప్రశ్న: నేనూ మా ఆయనా బెంగళూరులో ఉంటాం, ఇద్దరం ఉద్యోగాలే. కొత్తగా పెళ్ళైన వాళ్ళ కోసం డబ్బు లెక్కల మీద తెలుగులో పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నాం. ట్రైలర్‌కి మూడు నిమిషాల స్క్రిప్ట్ రాశాం కానీ ఫ్రెండ్స్ అందరూ మధ్యలోనే ఆపేస్తున్నారు. ఎలా రాయాలి?

జవాబు: మా ఆవిడా నేనూ ఇలాంటి షోనే చేస్తున్నాం, మేముండేది మారతహళ్ళిలో. ముందు ఆ మూడు నిమిషాల్ని ఒకటిన్నరకి దించండి. మామూలుగా మాట్లాడినట్టు చదివితే తెలుగులో నిమిషానికి సుమారు వంద మాటలు, కాబట్టి స్క్రిప్ట్ నూట యాభై మాటలు దాటకూడదు, ఎందుకంటే మధ్యలో గ్యాప్‌లు కూడా కావాలి కదా.

"హలో ఫ్రెండ్స్, నా పేరు ఫలానా, ఈ పాడ్‌కాస్ట్‌లో మనం సేవింగ్స్, ఇన్సూరెన్స్, ట్యాక్స్ గురించి..." అని మొదలయ్యే ట్రైలర్ ఎవరూ వినరు, ఎందుకంటే అది సిలబస్. భార్యాభర్తల మధ్య డబ్బు విషయం సిలబస్‌లా రాదు, ఫోన్‌కి వచ్చిన బ్యాంకు మెసేజ్‌లా వస్తుంది. అందుకే మేం నేరుగా గొడవలోకి దిగిపోయాం. మాది దాదాపు ఇలా ఉంటుంది:

ఆమె: ఇదిగో, అత్తయ్యగారికి పదిహేను వేలు పంపావా?
అతను: ఊఁ... బోరు వేయిస్తున్నారంట, నాన్న ఫోన్ చేశాడు.
ఆమె: పంపొద్దని అనట్లేదు. బ్యాంకు మెసేజ్ చూసి తెలుసుకోవాలా నేను?
అతను: పోయిన నెల మీ చెల్లి ఫీజు కట్టినప్పుడు నేనేమన్నా అడిగానా?
(రెండు సెకన్లు ఏమీ లేదు. తర్వాత సన్నగా మ్యూజిక్.)
ఆమె: ఈ గొడవ మీ ఇంట్లోనూ అయ్యిందా? ఇద్దరం సంపాదిస్తున్నాం, ఇద్దరికీ ఊళ్ళో అమ్మానాన్నలున్నారు. ఎవరికి ఎంత పంపాలి, చెప్పి పంపాలా చెప్పకుండానా, పెళ్ళప్పుడు ఎవరూ చెప్పలేదు.
అతను: పెళ్ళికి ముందు తీసుకున్న లోన్ ఎవరు కట్టాలి? అసలు జాయింట్ అకౌంట్ అవసరమా? వారానికో గొడవ, అరగంట.
ఆమె: షేర్ టిప్స్ ఉండవు. మా లెక్కలే మీ ముందు విప్పుతాం. (షో పేరు.) ఫాలో కొట్టండి.
అతను: బోరులో నీళ్ళు పడ్డాయా అంటే, అది మొదటి ఎపిసోడ్‌లో.

గమనించండి, మొత్తంలో ఒక్కటే అంకె, పదిహేను వేలు. జీతం ఇంత, అద్దె ఇంత, ఎస్ఐపీ ఇంత అని వరసగా చెప్తే చెవికి ఏదీ నిలవదు, చదివేవాడైతే వెనక్కెళ్ళి చూసుకుంటాడు కానీ వినేవాడు వెళ్ళడు. ఇంకోటి, ఇద్దరిలో ఎవరిదీ పూర్తిగా తప్పు కాదు. ఒకరు విలన్ అయిపోతే వినే జంటలో సగం మంది అక్కడే ఫోన్ పక్కన పెట్టేస్తారు, మిగిలిన సగం ఆ లింక్ భార్యకో భర్తకో సాక్ష్యంగా పంపిస్తారు (ఇది మరీ ప్రమాదం).

గొడవ నిజంగా మీ ఇంట్లోదే అయితే బంధుత్వాలు మార్చేయండి, ఫీజు చెల్లిది కాకపోతే చెల్లిది అనండి, పర్లేదు. అత్తగారు వింటారు, తప్పకుండా వింటారు.

"షేర్ టిప్స్ ఉండవు" అన్న మాట ఊరికే పెట్టలేదు. సెబీ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌గా రిజిస్టర్ కాకుండా ఫలానా ఫండ్ కొనండి అని చెప్పే పని పెట్టుకోవద్దు, ట్రైలర్‌లో అసలే వద్దు. ఆ మాట వల్ల వినేవాళ్ళకి కూడా ఇదేదో అమ్మే షో కాదని ముందే తెలిసిపోతుంది.

రికార్డింగ్‌లో ఒక చిన్న పని చేయండి. గొడవ భాగాన్ని వంటింట్లో, మైక్‌కి కాస్త దూరంగా తీయండి, కుక్కర్ శబ్దం వచ్చినా ఉంచేయండి. మిగతాది బట్టల బీరువా ఉన్న గదిలో, మైక్‌కి దగ్గరగా. గది మారినట్టు చెవికి తెలుస్తుంది కాబట్టి "ఇప్పుడు మేము హోస్ట్‌లుగా మాట్లాడుతున్నాం" అని వేరే చెప్పక్కర్లేదు. సినిమా పాట మాత్రం పెట్టకండి, కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది.

ఫ్రెండ్స్‌కి మళ్ళీ వినిపించినప్పుడు బాగుందా అని అడక్కండి, అందరూ బాగుందనే అంటారు. పక్కన కూర్చుని ఎన్నో సెకన్ దగ్గర చేయి వాట్సాప్ మీదకి పోయిందో చూసి రాసుకోండి, కోయాల్సింది ఆ వాక్యమే.

"వచ్చే సోమవారం నుంచి" లాంటివి ఆడియోలో వద్దు. ట్రైలర్ నెలల తరబడి షో పేజీలో ఉంటుంది, తేదీ డిస్క్రిప్షన్‌లో రాస్తే తర్వాత మార్చుకోవచ్చు. అప్‌లోడ్ చేసేటప్పుడు ఎపిసోడ్ టైప్ దగ్గర ట్రైలర్ అని సెలెక్ట్ చేయండి, లేకపోతే అది మామూలు ఎపిసోడ్‌లా జాబితాలో కిందకి జారిపోతుంది. ఫీడ్ మీరే చేతితో రాసుకుంటుంటే ఈ లైన్ కావాలి:

```
<itunes:episodeType>trailer</itunes:episodeType>
```