సొరకాయ రసం చేదుగా ఉంటే తాగొచ్చా?

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. మేడ మీద సొర తీగ వేశాం, విత్తనం పోయినేడు మా కాయలోదే. మా నాన్నగారు రోజూ పరగడుపున సొరకాయ రసం తాగుతారు. నిన్నటిది చేదుగా ఉందని సగంలో ఆపేశారు. ప్రమాదమా? మిగిలిన కాయ కూర వండుకోవచ్చా?

జవాబు: ప్రమాదమే. నాన్నగారు ఆపేసి మంచి పని చేశారు. వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు, కళ్లు తిరగడం వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చేదు రసం తాగారని అక్కడ తప్పక చెప్పండి. లక్షణాలు కొన్ని నిమిషాల్లోనే మొదలవ్వచ్చు, కొన్ని గంటలూ పట్టొచ్చు. వాంతిలో రక్తం పడినా, విరేచనం నల్లగా అయినా క్షణం ఆగొద్దు.

ఆ చేదు కుకుర్బిటాసిన్‌ది. సొర, దోస జాతి తీగలు పురుగూ పశువూ తినకుండా తయారుచేసుకునే పదార్థం ఇది. సాగు రకాల్లో తీపి కాయలనే ఎంచుకుంటూ రావడంతో ఇది దాదాపు కనుమరుగైంది. మళ్లీ తలెత్తిందంటే జీర్ణాశయం, పేగుల లోపలి పొరను దెబ్బతీస్తుంది. పుండ్లు పడి రక్తం కారుతుంది, రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. మరణాలూ నమోదయ్యాయి. విరుగుడు మందు లేదు. సెలైన్ ఎక్కించి, కడుపు పుండుకు మందులిచ్చి కాపాడటమే వైద్యం.

కూర కూడా వద్దు. ఉడికించినా ఈ చేదు విరగదు. అయితే కూరలో ముద్ద నోట పెట్టగానే ఉమ్మేస్తాం. రసమైతే పెద్ద ముక్కల సారమంతా ఒక్క గుక్కలో, అదీ ఖాళీ కడుపులోకి దిగుతుంది. పైగా నిమ్మ, పుదీనా, తేనె కలిపితే చేదు దాక్కుంటుంది. కాకరలా చేదు ఆరోగ్యమేలే అని ఓర్చుకునేవాళ్లూ ఉన్నారు. కాకర చేదు వేరు, ఇది వేరు. అందుకే రసం తీసే ముందు ప్రతి కాయకూ తొడిమ వైపూ అడుగు వైపూ చిన్న ముక్క కోసి, నమిలి, ఉమ్మేయండి. చేదు తగిలితే కాయంతా పారేయండి.

ఇక తీగ సంగతి. ఎండలు ముదిరి, కుండీ ఆరిపోయి, కాయ ముదిరాక మాత్రమే చేదెక్కితే అది నీటి ఎద్దడి ప్రభావం కావచ్చు. మొదటి లేత కాయ నుంచీ అన్నీ చేదే అయితే లోపం విత్తనంలోనే ఉంది, తీగ పీకేయండి. పోయినేడు చుట్టుపక్కల చేదు సొర పుప్పొడి మీ పువ్వుపై పడి ఉండొచ్చు. అలా పడినా ఆ ఏడు కాయ తియ్యగానే ఉంటుంది. చేదు గింజలో దాగి, మరుసటి తీగలో బయటపడుతుంది. మీ సొంత విత్తనం మోసం చేసింది అక్కడే.

ఈసారి విత్తనం కావాలంటే, సొరపువ్వు సాయంత్రం విచ్చుతుంది కాబట్టి మధ్యాహ్నమే ఆడ, మగ మొగ్గలకు కాగితం సంచి కట్టండి. విచ్చాక మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు రుద్ది, మళ్లీ సంచి కట్టి, ఆ తొడిమకు రంగుదారం చుట్టండి. గింజ తీసేది ఆ కాయలోంచే. అదీ తీగ మిగతా కాయలన్నీ తియ్యగా ఉంటేనే.