మట్టి స్టిఫ్‌నెస్ విలువ తప్పయితే పునాది బీము ఎంత దెబ్బతింటుంది?

"ఎలాస్టిక్ ఫౌండేషన్ మీద బీము డిజైన్ చేసేటప్పుడు మట్టి స్టిఫ్‌నెస్ k విలువ సరిగ్గా దొరకకపోతే లెక్క ఎంతవరకు తప్పుతుంది?"

బెండింగ్ మూమెంట్ కొంచెమే తప్పుతుంది, కుంగుబాటు మాత్రం బాగా తప్పుతుంది. పొడవైన బీము నడుమ స్తంభం ఉంటే మూమెంట్ P/(4λ). ఇందులో P స్తంభం బరువు, λ మట్టి స్టిఫ్‌నెస్‌ను బీము స్టిఫ్‌నెస్‌తో పోల్చి కట్టే విలువ. ఈ λ, k విలువకు నాలుగో మూలంగా మారుతుంది కనుక k రెట్టింపయినా మూమెంట్ 16 శాతమే తగ్గుతుంది, కుంగుబాటు మాత్రం 40 శాతం తగ్గుతుంది.

కావలి దగ్గర ఇసుక నేలలో నేను చేసిన ఒక పనిలో 30 సెంటీమీటర్ల ప్లేటు పరీక్ష, ఘనపు మీటరుకు 48,000 కిలోన్యూటన్ల విలువ ఇచ్చింది. బీము వెడల్పు ఒక మీటరు కాబట్టి, ఇసుకలో వెడల్పు పెరిగేకొద్దీ k ను తగ్గించే టెర్జాగీ దిద్దుబాటు ప్రకారం అది 20,000కు పడిపోయింది. ప్లేటు కొలత చెప్పకుండా ఒక్క అంకె రాసి పంపే మట్టి నివేదికలంటే నాకు ఇప్పటికీ కోపమే. బీము లోతు అర మీటరు, ఎం25 కాంక్రీటు, నడిమి స్తంభం బరువు 600 కిలోన్యూటన్లు. దిద్దని విలువతో మూమెంట్ 324 కిలోన్యూటన్ మీటర్లు, కుంగుబాటు 2.9 మిల్లీమీటర్లు వచ్చాయి. దిద్దిన తరువాత అవి 403, 5.6 అయ్యాయి.

అయితే అక్కడ అసలు ప్రమాదం k లో లేదు, సరిహద్దు గోడను ఆనుకుని బీము కొసన నిలిచిన స్తంభం దగ్గర ఉంది. కాంక్రీటుకు ముందురోజు సాయంత్రం వెళ్లి చూస్తే కింద కమ్మీలు ఒత్తుగా ఉన్నాయి, పైన రింగులు నిలబెట్టడానికి కట్టిన రెండు 12 ఎంఎం కమ్మీలు తప్ప ఏమీ లేవు. మేస్త్రి "బరువు కిందికే కదా సార్ పడేది, పైన ఎందుకు?" అన్నారు. కొస స్తంభం కింద మూమెంట్ సున్నా. అది అక్కడి నుంచి లోపలికి పెరుగుతూ 2.1 మీటర్ల దూరంలో గరిష్ఠమవుతుంది, అదీ బీము పైముఖాన్ని లాగుతుంది. అక్కడ 300 కిలోన్యూటన్ల బరువుకే 260 కిలోన్యూటన్ మీటర్లు వస్తుంది. దానికి 20 ఎంఎం కమ్మీలు ఎనిమిది కావాలి. పక్క స్తంభం ప్రభావం కూడా చూసుకుని పది వేయించాను, పని ఒకరోజు ఆగింది.

అదే కొసన కుంగుబాటు కూడా చూడండి. ఒకే బరువుకు నడుమకంటే కొసన అది నాలుగు రెట్లు. మా లెక్కలో సగం బరువుకే 11 మిల్లీమీటర్లు వచ్చింది. దాన్ని k తో గుణిస్తే మట్టి మీద ఒత్తిడి చదరపు మీటరుకు 220 కిలోన్యూటన్లు దాటుతుంది. నేల తట్టుకునే హద్దు అంతకంటే తక్కువైతే మట్టిని స్ప్రింగులుగా చూసే ఈ లెక్క అక్కడ చెల్లదు, కొసన బీము వెడల్పు పెంచి మళ్లీ మొదటి నుంచి లెక్క వేయాలి.