షూటింగ్‌కి ముందు స్క్రిప్ట్‌లో ఏం చూడాలి? ఒక నగల షాపు యాడ్ విప్పి చెప్తాను

ప్రశ్న: అన్నా, తిరుపతిలో లోకల్ షాపులకు యాడ్ వీడియోలు తీస్తుంటాను. వచ్చే శుక్రవారం ఒక నగల షాపుకి 40 సెకన్ల యాడ్ షూట్ ఉంది. స్క్రిప్ట్ ఓనరే రాసిచ్చారు. రుజువు లేని మాటలు, ఆఫర్‌లో గందరగోళం ఉంటే షూట్‌కి ముందే పట్టుకోవాలి. ఏమేం చూసుకోవాలి? చెక్‌లిస్ట్ లాంటిదేమైనా ఉందా?

జవాబు:

నగల షాపు అన్నావు కాబట్టి, నేను ఒకసారి పడి లేచిన గుంట అంచునే ఉన్నావు తమ్ముడూ.

కొన్నేళ్ల కిందట చిత్తూరులో ఒక షాపుకి "మజూరీ పూర్తిగా ఉచితం" అని యాడ్ తీశాను. కేబుల్లో, ఇన్‌స్టాలో వదిలాం. మూడో రోజు ఒకాయన పాత బిల్లు, కొత్త బిల్లు రెండూ పట్టుకొచ్చాడు. కొత్త బిల్లులో మజూరీ దగ్గర సున్నా ఉంది, నిజమే. తరుగు దగ్గర మాత్రం 22% ఉంది. ముందు నెల అదే మోడల్ గొలుసుకి ఆయన చెల్లెలు కట్టిన తరుగు 18%. కౌంటర్ మీద ఫోన్ పెట్టి మా యాడ్ ప్లే చేస్తూ నిలబడ్డాడు. యాడ్ తీసేశాం. యాంకర్ డేటు, కెమెరా అద్దె మళ్లీ పడ్డాయి, అందులో సగం నా జేబులోంచే పోయింది. మజూరీ వదిలేస్తే ఆ డబ్బు ఇంకెక్కడ కలుపుతున్నారని ఓనర్‌ని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. ఇంకో చోట కలిపి వసూలు చేసేదాన్ని ఉచితం అని చెప్పకూడదని రూల్సులో కూడా ఉందని ఆ తర్వాతే తెలిసింది.

అప్పట్నుంచీ నా పద్ధతి ఒకటే. స్క్రిప్ట్‌ని పక్కన బోలెడు ఖాళీ వదిలి ప్రింట్ తీస్తాను. "అవునా? ఏదీ చూపించు" అని ఎవరైనా అడగడానికి వీలున్న ప్రతి వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత. ప్రతి అంకె కిందా, "వరకు", "నుంచి", "ఉచితం", "ప్రతి", "మాత్రమే" లాంటి మాటల కిందా నీలం గీత. ఎర్ర గీతకి పక్కన కాగితం కావాలి, నీలం గీతకి పక్కన లెక్క కావాలి. "మీ ఇంటి పండగ మా ఇంటి పండగ" లాంటివి వదిలెయ్, వాటిని ఎవరూ తూకం వెయ్యరు.

పోయిన అక్షయ తృతీయ ముందు తిరుపతి షాపు ఒకటి ఇచ్చిన స్క్రిప్ట్ దాదాపు ఇదీ:

"వందేళ్ల నమ్మకం. తిరుపతిలోనే అతి తక్కువ తరుగు. 100% స్వచ్ఛమైన 916 బంగారం. మా ప్రతి నగకీ బీఐఎస్ హాల్‌మార్క్. ఈ అక్షయ తృతీయకి తరుగుపై 50% వరకు తగ్గింపు. త్వరపడండి. షరతులు వర్తిస్తాయి."

వినడానికి బావుంది. గీతలు గీస్తే గీత లేని వాక్యం "త్వరపడండి" ఒక్కటే మిగిలింది.

వందేళ్ల సంగతి అడిగితే, వాళ్ల తాతగారు ఊళ్లో కంసాలి పని చేసేవారట, అక్కణ్ణుంచి లెక్కేశారు. షాపు రిజిస్ట్రేషన్ 1998. యాడ్‌లో "1998 నుంచి" అని రాశాను. తాతగారి కథ చెప్పాలనుకుంటే తాతగారి కథగానే చెప్పొచ్చు, షాపు వయసులో కలపకూడదు.

"అతి తక్కువ తరుగు" అనాలంటే ఊళ్లోని షాపులన్నిటి తరుగూ ఒకే రకం నగకి, ఒకే రోజు కనుక్కుని రాసి పెట్టుకోవాలి. మర్నాడు పక్క షాపాయన ఒక్క శాతం తగ్గిస్తే మన యాడ్ అబద్ధమైపోతుంది. ఓనర్ మాత్రం "అందురూ అట్నే ఏస్తా ఉండారు కదన్నా" అన్నాడు. వేస్తున్నారు, నిజమే. కానీ వాళ్ల దగ్గరున్న కాగితం మన ఫైల్లోకి రాదు కదా.

మూడో వాక్యం తనతో తనే కొట్లాడుతోంది. 916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం, అంటే 91.6%. అది 22 క్యారెట్లు. దాని పక్కన "100% స్వచ్ఛమైన" అని ఎలా పెడతాం? ఒక మాట ఉంచితే రెండోది తీసెయ్యాలి.

హాల్‌మార్క్ దగ్గర జాగ్రత్తగా ఉండు, ఇక్కడ అబద్ధం "ప్రతి" అనే చిన్న మాటలో దాక్కుంటుంది. రెండు గ్రాముల లోపు వస్తువులకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. కుందన్, పోల్కీ, జడావు నగలకీ మినహాయింపు ఉంది. ఆ షాపు ట్రేలో ముక్కుపుడకలు తీసి చూశాను, చాలావాటి మీద ఏ ముద్రా లేదు. అది తప్పు కాదు. "ప్రతి నగకీ" అనడం తప్పు. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగ మీద అంకెలు, అక్షరాలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ నంబర్ ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. అందుకే ఆ వాక్యాన్ని చూసేవాళ్లే సరిచూసుకునేలా మార్చాం. షూట్‌లో క్లోజప్‌గా చూపించే నగ హెచ్‌యూఐడీ కూడా ముందు రోజే యాప్‌లో చూసి, స్క్రీన్‌షాట్ ఫైల్లో పెట్టుకున్నా.

ఇక ఆఫర్. నా సమయంలో ఎక్కువ భాగం పోయేది ఇక్కడే. "తరుగుపై 50% వరకు తగ్గింపు" అంటే ఏంటని ఓనర్‌ని అడిగాను. కౌంటర్ దగ్గర ఉండే అబ్బాయిని విడిగా అడిగాను. ఇంటికెళ్లి మా పిన్నికి ఒక్కసారే చదివి వినిపించి, "రెండు సవర్ల గొలుసు మీద నీకు ఎంత తగ్గుద్దనుకుంటున్నావు?" అన్నాను. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు.

లెక్క తేలికగా ఉండటానికి గ్రాము 10,000 అనుకో. రెండు సవర్లంటే 16 గ్రాములు, బంగారం విలువ 1,60,000. షాపు బోర్డు మీద సాదా గొలుసుకి తరుగు 18%, అంటే 28,800. 50% తగ్గింపు విన్నవాళ్లు కనీసం 14,400 తగ్గుతుందనుకుంటారు. పిన్నయితే "సగం రేటుకే ఇస్తారా?" అంది. ఓనర్ మనసులో ఉన్నది వేరు. 50% అనేది లక్ష్మీ కాసుల హారాల్లాంటి కొన్ని పెద్ద నగలకి మాత్రమే, గొలుసులకి "ఐదు శాతం తగ్గిస్తాం" అన్నాడు. ఆ ఐదు శాతం దగ్గర మళ్లీ చీలిక. ఓనర్ దృష్టిలో 18% కాస్తా 13% అవుతుంది, గొలుసు మీద 8,000 తగ్గుతుంది. కౌంటర్ అబ్బాయి దృష్టిలో తరుగు మొత్తంలో ఐదు శాతం, అంటే 28,800లో 1,440 తగ్గుతుంది. ఒకే యాడ్ విని వచ్చిన మనిషికి 14,400, 8,000, 1,440 మూడూ న్యాయంగానే తోస్తాయి. గొడవ జరిగేది అక్కడే.

అందుకే తగ్గింపు శాతం కాదు, చివరికి కట్టాల్సిన తరుగు శాతం చెప్పు. "5% తగ్గింపు" వద్దు, "తరుగు 13%" అను.

"18 శాతం కాదు, 13 శాతమే" అని రాద్దామని నాకూ చెయ్యి లాగింది. రాసే ముందు రెండు నెలల బిల్లు పుస్తకం అడిగి తిరగేశాను. బోర్డు మీద 18 ఉన్నా బేరమాడిన వాళ్లందరూ 15కి, 16కి పట్టుకెళ్లారు. 18 నిజంగా కట్టినవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అలాంటప్పుడు 18ని పాత రేటుగా చూపించడమే రుజువు లేని మాట. కొట్టేశాను. పాత ధర, కొత్త ధర అని ఎక్కడ కనపడినా బోర్డు చూడకు, బిల్లులు చూడు.

"వరకు" ఉంచాలని క్లయింట్ పట్టుబడితే, ఆ గరిష్ఠ తగ్గింపు ఎన్ని నగలకి వస్తుందో ట్రేలు లెక్కపెట్టించు. ఆ షాపులో రెండు ట్రేలే తేలాయి. ఆ రెండు ట్రేల కోసం షాపంతటికీ వర్తించేలా వినపడే మాట అక్కర్లేదు.

"షరతులు వర్తిస్తాయి" గురించి నీకు తెలియాల్సింది కొంచెమే. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, యాడ్‌లో మాట ఏ భాషలో ఉందో షరతు కూడా ఆ భాషలోనే, అదే ఫాంట్‌లో కనపడాలి. మాట వాయిస్‌లో వస్తుంటే షరతు అదే సమయంలో తెర మీద పడాలి. పైన చెప్పినదాన్ని కింద షరతుతో తిరగేయడం కుదరదు. తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు, అందులో నటించి సిఫార్సు చేసినవాళ్లకీ తగలొచ్చు. యాంకర్‌కి ఈ సంగతి ముందే చెప్పు. నేను చేసే పరీక్ష ఇంకా సులువు: షరతుని కూడా వాయిస్‌లో చదివి చూస్తాను. సెకన్లు చాలకపోతే ఆఫర్ మరీ చిక్కుగా ఉందన్నమాట. తెలుగులో 40 సెకన్లకి, ఊపిరి తీసుకునే చోటు వదిలితే, డెబ్బై ఎనభై మాటలకి మించి పట్టవు.

బొమ్మలకీ గీతలు గియ్యాలి, చాలామంది ఇది మర్చిపోతారు. మాటలన్నీ సరిచేశాక షాట్ లిస్ట్ చూస్తే, "తరుగు 13%" అని వాయిస్ వచ్చే చోట మోడల్ మెడలో నలభై గ్రాముల హారం ఉంది. ఆఫర్ దానికి లేదు! ఆ షాట్‌కి సాదా గొలుసు పెట్టాం. చివర్లో ఆనంద నిలయం గోపురం, దాని ముందు శ్రీవారి డాలర్ అని ఇంకో షాట్ ఉంది. తిరుమలలో టీటీడీనే డాలర్లు అమ్ముతుంది. బయటి ఊరి భక్తుడు ఆ ఫ్రేమ్ చూస్తే ఈ డాలర్ కూడా అక్కడిదేననుకోడా? మాట లేకుండానే అది ఒక హామీ. తీసేశాం, ఓనర్ రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు.

చివరికి షూట్ చేసినది:

"1998 నుంచి తిరుపతిలో. 916 బంగారం. హాల్‌మార్క్ నగ మీద హెచ్‌యూఐడీ నంబర్, డబ్బు కట్టేముందు మీ ఫోన్లో మీరే చూసుకోండి. ఏప్రిల్ 20 నుంచి 30 వరకు సాదా గొలుసులకి, గాజులకి తరుగు 13 శాతం. బేరమాడక్కర్లేదు. మజూరీ లేదు, జీఎస్టీ అదనం."

"మజూరీ లేదు" అన్న చోట ఈసారి బిల్లు నమూనా కొట్టించి చూశాను, 13 శాతం తరుగు, జీఎస్టీ తప్ప ఇంకే చార్జీ లేదు. పిన్నికి మళ్లీ వినిపిస్తే "రెండు సవర్లకి తరుగు ఇరవై వేల ఎనిమిది వందలు, పన్ను వేరే" అంది. కౌంటర్ అబ్బాయీ అదే చెప్పాడు. ఇద్దరి లెక్కా కలిసేదాకా నేను కెమెరా బుక్ చెయ్యను.

ఓనర్ చేత ఆ ప్రింట్ మీద ప్రతి పేజీకీ సంతకం, తేదీ పెట్టించుకో, బిల్లుల ఫొటోలు దానికే పిన్ చెయ్. ఇంకోటి, ఆఫర్ వాక్యాన్ని విడి టేక్‌గా, యాంకర్ ముఖం కాకుండా నగ మీద వాయిస్ పడేలా తీసుకో. షూట్ అయిన మర్నాడు ఓనర్ ఫోన్ చేసి "13 కాదు 14 చేద్దాం" అంటాడు, అప్పుడు వాయిస్ ఒక్కటి మారిస్తే పనైపోతుంది.