కంపెనీ రాసిన 6.25 లక్షలు, మీకు దక్కే వెయ్యి ఆప్షన్లు

ప్రశ్న: మేడమ్, నేను మారతహళ్లిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నాను. ఇంకా లిస్ట్ కాలేదు. నాకు 100 రూపాయల ధరకు 4000 ఆప్షన్లు ఇచ్చారు. ఏడాదికి వెయ్యి చొప్పున నాలుగేళ్లలో వెస్ట్ అవుతాయి. మొత్తం విలువ 12 లక్షలని లెటర్‌లో ఉంది. మొదటి ఏడాదే నా ఆప్షన్ల కింద 6.25 లక్షలు ఖర్చు రాశారని అకౌంట్స్‌లో ఉన్న ఫ్రెండ్ చెప్పాడు. నాకు వెస్ట్ అయింది వెయ్యే, అంటే 3 లక్షలు. మిగతా 3.25 లక్షలు నావి కావా? వాటి మీద ట్యాక్స్ పడుతుందా? ఇప్పటికి ఏడాదిన్నర అయింది. వేరే ఆఫర్ చేతిలో ఉంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ 3.25 లక్షలు మీవి కావు. ఆ 6.25 లక్షల్లో ఒక్క రూపాయి మీద కూడా మీకు ఇప్పుడు పన్ను లేదు. అలాగని కంపెనీ తప్పు రాయలేదు, మీ ఫ్రెండ్ చెప్పిన లెక్క సరైనదే. అది మీ చేతికొచ్చే డబ్బు లెక్క కాదు, అంతే.

ఆప్షన్ అంటే ముందే చెప్పిన ధరకు కంపెనీ షేరు కొనుక్కునే హక్కు. వెస్ట్ అవడమంటే ఆ హక్కు పూర్తిగా మీది కావడం. ఆప్షన్లు ఇచ్చిన రోజున ఒక్కో ఆప్షన్‌కు ఒక విలువ కడతారు. మీ లెటర్ ప్రకారం అది 300 రూపాయలు. ఆ రోజు షేరు విలువ 370 ఉందనుకోండి. మీరు కట్టాల్సిన 100 తీసేస్తే 270. ఆ 100 కూడా ఇప్పుడే కాకుండా కొన్నేళ్ల తర్వాత కట్టే వీలుంది, షేరు పెరిగితే లాభం మీదే, తగ్గితే కొనకుండా ఊరుకోవచ్చు. ఈ సౌకర్యానికి ఇంకో 30 కలిపి 300 అంటారు. ఒకసారి కట్టాక తర్వాత షేరు పెరిగినా పడినా ఆ 300 మారదు. ఇది మీ పనికి బదులుగా ఇస్తున్నది కాబట్టి, మీరు పనిచేసే కాలం మీద పరిచి ఉద్యోగుల ఖర్చుగా రాస్తారు. బ్యాంకు ఖాతాలోంచి పైసా బయటకు పోదు.

మరి ఏడాదికి 3 లక్షలు కాకుండా మొదటి ఏడాదే సగానికి పైగా ఎందుకు? ఇండ్ ఏఎస్ 102 అనే అకౌంటింగ్ ప్రమాణం మీ 4000 ఆప్షన్లను ఒక మూటగా చూడదు, విడివిడిగా నాలుగు గ్రాంట్లుగా చూస్తుంది. ఒకే రోజు నాలుగు ఆర్‌డీలు తెరిచారనుకోండి. నాలుగింటిలోనూ చివరికి 3 లక్షలే చేరాలి. కానీ మొదటిది ఏడాదిలో, రెండోది రెండేళ్లలో, మూడోది మూడేళ్లలో, నాలుగోది నాలుగేళ్లలో పూర్తవ్వాలి. మొదటి ఏడాది నాలుగింటికీ కట్టాలి కదా: 3 లక్షలు, లక్షన్నర, లక్ష, 75 వేలు. అవి కలిపితే 6.25 లక్షలు. రెండో ఏడాదికి మొదటిది అయిపోయింది కాబట్టి 3.25 లక్షలు, మూడో ఏడాది 1.75, నాలుగో ఏడాది 75 వేలు. మొత్తం సరిగ్గా 12 లక్షలు. (అసలు లెక్కలో నాలుగు వంతులకూ 300 ఒకేలా ఉండదు, కాస్త తేడా వస్తుంది. అర్థం కావడానికి ఒకటే తీసుకున్నాను.) 4000 ఆప్షన్లూ నాలుగో ఏడాది చివర ఒకేసారి వెస్ట్ అయ్యేవైతే మీరు ఊహించినట్టే ఏడాదికి 3 లక్షలు పడేది. మీ రూమ్మేట్ అమెరికా కంపెనీలో ఉంటే అక్కడా సమానంగా రాసి ఉండొచ్చు. మీలాంటి విడతల గ్రాంట్లకు అక్కడి నిబంధనలు ఆ వీలు ఇస్తాయి.

అంటే మీరడిగిన 3.25 లక్షలు తర్వాతి మూడు వంతుల కోసం మొదటి ఏడాదే వేసిన వాయిదాలు. వెస్ట్ కాకముందే మీరు వెళ్లిపోతే వాటిని వెనక్కి రాస్తారు. ఈ రోజే మానేస్తే ఏం జరుగుతుందో చూడండి. ఏడాదిన్నరకు మొత్తం 7,87,500 ఖర్చు రాసి ఉంటారు. అందులో వెస్ట్ అయిన వెయ్యికి చెందిన 3 లక్షలు అలాగే ఉండిపోతాయి, మిగతా 4,87,500 రద్దవుతాయి. ఎంతమంది మానేస్తారో కంపెనీలు ముందే అంచనా వేసి తగ్గించి రాస్తాయి కాబట్టి పుస్తకాల్లో అంకె ఇంతే ఉండకపోవచ్చు. ఎంత ఉన్నా, ఆ రద్దయిన మొత్తాన్ని ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో అడగడానికి మీకు ఆధారం ఉండదు.

దీనికి ఎదురు సంగతి కూడా తెలుసుకోండి. వెస్ట్ అయ్యాక షేరు విలువ 100 కంటే కిందికి పడిపోయి మీరు కొనకుండా వదిలేసినా, ఆ 3 లక్షల ఖర్చును కంపెనీ వెనక్కి తీసుకోదు. మీకు మిగిలేది సున్నా, పుస్తకంలో ఉండేది 3 లక్షలు. అందుకే ఆ అంకెను చూసి మీ ఆస్తి లెక్క వేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

నగదు కదలని ఈ ఖర్చుకు కంపెనీకి పన్ను మినహాయింపు ఇవ్వాలా అని బెంగళూరులోనే పెద్ద వ్యాజ్యం నడిచింది. బయోకాన్ కేసులో 2013లో ఇక్కడి ట్రిబ్యునల్ ప్రత్యేక బెంచ్, 2020లో కర్ణాటక హైకోర్టు ఇది నిజమైన ఖర్చేనని కంపెనీ పక్షాన తీర్పు ఇచ్చాయి. అది కంపెనీ పన్ను సంగతి, మీ పన్ను దారి వేరు.

మీకు పన్ను పడేది ఆప్షన్ ఇచ్చినప్పుడు కాదు, వెస్ట్ అయినప్పుడూ కాదు. 100 కట్టి షేరు తీసుకున్నప్పుడు, అంటే ఎక్సర్‌సైజ్ చేసినప్పుడు. ఆ రోజు విలువ 450 ఉందనుకుందాం. లిస్ట్ కాని కంపెనీకి ఈ విలువను మర్చంట్ బ్యాంకర్ కడతారు, ఆ లెక్క 180 రోజులకు మించి పాతదై ఉండకూడదు. తేడా 350 చొప్పున వెయ్యికి 3.5 లక్షలు మీ జీతంలో కలుస్తాయి. మీరు 30 శాతం స్లాబులో ఉంటే సెస్సుతో కలిపి పన్ను 1,09,200. షేర్ల కోసం కట్టే లక్షతో కలిపి 2,09,200 మీ జేబులోంచి పోతాయి. చేతికొచ్చేవి వెంటనే అమ్ముకోలేని షేర్లు. కొన్ని అర్హత గల స్టార్టప్‌లలో ఈ పన్నును వాయిదా వేసుకోవచ్చు గానీ, ఉద్యోగం మానేస్తే ఆ వాయిదా అక్కడితో ముగుస్తుంది. మీ పరిస్థితిలో అది పెద్దగా అక్కరకు రాదు. తర్వాత ఎప్పుడైనా అమ్మితే 450 పైన వచ్చిన దాని మీదే క్యాపిటల్ గెయిన్స్.

ఇక ఆఫర్ సంగతి. తూకంలో వేయాల్సింది 12 లక్షలు కాదు, మిగిలిన 9 లక్షలు కూడా కాదు. ఇంకో ఆరు నెలలు ఆగితే వచ్చే రెండో వెయ్యి మాత్రమే. 450 లెక్కన అది పన్నుకు ముందు 3.5 లక్షలు, అదీ కంపెనీ లిస్ట్ అయితేనో, ఎవరైనా కొంటేనో చేతికొస్తుంది. నేనైతే సగమే లెక్కేస్తాను. కొత్త కంపెనీని చేరే తేదీ జరపమనండి, లేదంటే జాయినింగ్ బోనస్‌గా లక్షన్నర, రెండు లక్షలు అడగండి. జీతం పెరుగుదలే ఆరు నెలల్లో అంతకు మించితే ఆగాల్సిన పని లేదు.

రాజీనామా మెయిల్ పంపకముందే, మీ ఆప్షన్ల నిబంధనలు ఉండే ESOP స్కీమ్ కాగితంలో ఒక వాక్యం వెతకండి: మానేశాక వెస్ట్ అయిన ఆప్షన్లను ఎన్ని రోజుల్లో ఎక్సర్‌సైజ్ చేయాలి? చాలా చోట్ల అది 90 రోజులు ఉంటుంది. కొన్ని కంపెనీల్లో ఏళ్ల గడువు ఇస్తారు, కొన్నింట్లో చివరి పనిరోజుతోనే అయిపోతుంది. గత ఏడాది నా దగ్గరికి ఒకమ్మాయి గడువు దాటిన పదకొండు రోజులకు వచ్చింది. వెస్ట్ అయిన ఆప్షన్లన్నీ పోయాయి, నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. మీ గడువు 90 రోజులైతే పైన చెప్పిన 2,09,200 ఆ లోపు సిద్ధంగా ఉండాలి. దాని కోసం పర్సనల్ లోన్ తీసుకోకండి. చేతిలో అంత లేకపోతే వెయ్యిలో 400 మాత్రమే తీసుకోవడానికి స్కీమ్ ఒప్పుకుంటుందేమో హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగండి. అప్పుడు మొత్తం ఖర్చు 83,680 అవుతుంది.