పులస స్క్రిప్టును వారానికి పంచుకోవడం

తమ్ముడూ,

నువ్వు పంపిన పులస స్క్రిప్టు చదివాను. పది నిమిషాల వీడియోకి బాగుంది. దాన్నే ఏడు ముక్కలు చేసి రోజుకొకటి పెడతానన్నావు. కానీ నువ్వు గీతలు గీసిన చోట్లు చూస్తే, నిమిషంన్నర అయ్యేసరికి ఒక కోత పెట్టుకుంటూ పోయావు. అలా కోస్తే మొదటిది చూడనివాడికి మూడోది అర్థం కాదు. షార్ట్స్ ఎవరూ వరసగా చూడరు. నీ గురువారం క్లిప్పే ఒకరికి మొట్టమొదట కనపడొచ్చు.

నిమిషాలు పక్కనపెట్టి, ఏ పేరా ఏ ప్రశ్నకి జవాబు చెబుతోందో మార్జిన్‌లో రాసుకో. నీ స్క్రిప్టులో నాకు దొరికినవి ఇవి. గోదారికి ఎర్రనీరు వచ్చేదాకా పులస ఎందుకు దొరకదు? సముద్రంలో ఇలస అనే చేపకి ఏటిలోకి వచ్చాక పేరెందుకు మారింది? గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వచ్చిన చేప ధవళేశ్వరం దగ్గర ఎందుకు ఆగిపోతుంది? యానాం మార్కెట్లో అంత రేటు ఎందుకు పలుకుతుంది? ఒడిశా వైపు నుంచి ఐస్ పెట్టెల్లో వచ్చే ఇలసని పులస అని ఎలా అమ్ముతున్నారు? పులుసు మర్నాడే ఎందుకు తినాలి? మొత్తం ఆరు. ఏడోదాని కోసం ముళ్ల పేరాని సాగదీయకు, అందులో రెండు వాక్యాల సరుకే ఉంది. ఏడో రోజు పూర్తి వీడియో పెట్టెయ్.

ఇప్పుడు హుక్ సంగతి, అంటే వేలితో తోసేసేవాణ్ణి ఆపే మొదటి మాట. ఒక్క పులుసు క్లిప్పే తీసుకుందాం. నీ పేరా ఇలా ఉంది: చేపని శుభ్రం చేసి ముక్కలు కోస్తారు, మట్టి దాకలో చింతపండు పులుసు పోసి సన్నసెగ మీద ఉడికిస్తారు, బెండకాయలు వేస్తారు, చివర్లో ఆవకాయ నూనె పోస్తారు, మా అమ్మమ్మ మాత్రం ఆ రోజు ఎవరినీ ముట్టనివ్వదు. పెద్ద వీడియోలో ఆ వరస సరైనదే, ఎందుకంటే చూసేవాడు అప్పటికే కూర్చున్నాడు. క్లిప్పులో మాత్రం నీ ఆఖరి వాక్యమే మొదటికి రావాలి: "పొద్దున వండిన పులస పులుసుని మా అమ్మమ్మ రాత్రికి కూడా ముట్టనివ్వదు." ఆ మాట వినపడేటప్పుడు తెర మీద దాక మూత తీస్తున్న చెయ్యి ఉండాలి. నీ పరిచయం, నమస్కారం అక్కడ అక్కర్లేదు. చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు కాబట్టి "ఈరోజు వండితే రేపే తినాలి" అని నాలుగు మాటలు పెద్దక్షరాల్లో వెయ్యి. తర్వాత దాక, సన్నసెగ, బెండకాయలు చూపించు. రాత్రంతా ఉంటే పులుసు ముక్కలోకి దిగుతుందన్న జవాబుని ఆఖరికి అట్టేపెట్టు. అది పదో సెకనులోనే చెప్పేస్తే మిగతాది ఎవరూ చూడరు.

"పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెతని ఏ క్లిప్పుకీ హుక్‌గా పెట్టకు. పులస మీద వీడియో చేసే ప్రతివాళ్లూ దాంతోనే మొదలుపెడతారు, జనం వేలు పైకి పోతుంది. రేటు క్లిప్పు మధ్యలో వాడుకో. "ఈ చేప తింటే ఏమవుతుందో తెలుసా" లాంటిది కూడా వద్దు. దానికి నీ దగ్గర జవాబు లేదు. ఒకసారి మోసపోయినవాడు నీ రెండో క్లిప్పు దగ్గర ఆగడు. ఆరింటికీ ప్రశ్న హుక్కే పెట్టినా విసుగొస్తుంది. నకిలీ పులస క్లిప్పుకి రెండు చేపల్ని పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, ప్రశ్న చూసేవాడే వేసుకుంటాడు.

కోశాక ప్రతి ముక్కనీ విడిగా, పైకి చదువు. "ఇందాక చెప్పినట్టు", "ఆ చేప", "అక్కడి నుంచి" లాంటివి తగిలిన చోటల్లా పేరు పెట్టి తిరగరాయి. ధవళేశ్వరం పేరాలో "అది కట్టాక" అని రాశావు. ఏది కట్టాక? క్లిప్పులో బ్యారేజీ అని చెప్పాల్సిందే.

వరస విషయంలో ఒక్కటి పట్టించుకో. పులుసు క్లిప్పు శనివారం పొద్దున్నే పెట్టు. ఆదివారం భోజనానికి పులుసు శనివారమే వండుకోవాలి కదా. ఎర్రనీరు క్లిప్పు సోమవారం. మిగతావి నీ ఇష్టం.

పెట్టాక లైకులు చూస్తూ కూర్చోకు. ఎంతమంది ఎన్నో సెకను దాకా ఉన్నారో చూపించే గ్రాఫ్ తెరువు. మొదటి రెండు మూడు సెకన్లలోనే గీత పడిపోతే హుక్ పట్టలేదని. అక్కడ నిలబడి మధ్యలో పడిపోతే జవాబు ముందే చెప్పేశావని, లేదంటే హుక్ అడిగింది ఒకటైతే నువ్వు చెప్పింది ఇంకొకటని. మొదటి రకానికి ఆరంభం ఒక్కటే మార్చి మళ్లీ పెట్టొచ్చు. రెండో రకానికి స్క్రిప్టే తిరగరాయాలి.

ధవళేశ్వరం క్లిప్పు తిరగరాసి గురువారంలోగా నాకు పంపు. షూటింగ్‌కి ముందే చూస్తాను.

మీ అక్క,
రాజోలు