డబ్బుంది, కార్డుంది, ఓటీపీ మాత్రం రాదు

ప్రశ్న: విదేశీ సైట్లో ఒక కెమెరా అడాప్టర్ నచ్చింది, 32 డాలర్లు. ఖాతాలో డబ్బుంది. మూడుసార్లు ప్రయత్నించినా Card declined అనే వస్తోంది. ఓటీపీ కూడా రావట్లేదు. బ్యాంకులో అడిగితే సైట్లోనే ఏదో లోపం అన్నారు.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నాలుగోసారి నొక్కకండి. వెంటవెంటనే ప్రయత్నిస్తే ఇదేదో మోసమనుకుని బ్యాంకు సిస్టమ్ మొత్తం కార్డునే ఆపేయొచ్చు.

లోపం బహుశా సైట్లో లేదు, మీ కార్డు స్విచ్‌లో ఉంది. కొత్త కార్డు చేతికి వచ్చేటప్పటికి మన దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల మెషిన్లలో మాత్రమే పనిచేయాలని రిజర్వ్ బ్యాంక్ 2020లో ఆదేశించింది. విదేశీ చెల్లింపుల తలుపు మనమే తెరుచుకోవాలి.

ఎందుకంటే మన సైట్లలో ఓటీపీ లేకుండా సాధారణంగా డబ్బు కదలదు. చాలా విదేశీ సైట్లు దాన్ని అడగవు. కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ ఉంటే చాలు. కడపలో ఏదో లాడ్జి కౌంటర్లో మీ కార్డును రెండువైపులా ఫొటో తీసుకున్నవాడికి ఇంకేం కావాలి? నాకు భయమంతా ఇక్కడే. అందుకే ఈ అడ్డంకి మీద నాకు కోపం లేదు. నా కోపం దాన్ని యాప్‌లో నాలుగు మెనూల లోపల దాచినవాళ్ల మీద.

ముందు కార్డును ఒకసారి తిప్పి చూడండి. భారత్‌లో మాత్రమే చెల్లుతుందని ముద్రించి ఉంటే ఏ స్విచ్ నొక్కినా లాభం లేదు, వేరే కార్డు అడగాల్సిందే. లేదంటే బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగానికి వెళ్లి, International కింద ఆన్‌లైన్ చెల్లింపులను మాత్రమే ఆన్ చేయండి. అక్కడే ఉండే ఏటీఎం, స్వైప్ మెషిన్ల స్విచ్‌ల జోలికి పోవద్దు.

తర్వాత లిమిట్. డాలరు 90 రూపాయలనుకుంటే 32 డాలర్లకు 2,880. డాలర్లలో చెల్లించినందుకు బ్యాంకు అదనంగా వేసే మార్కప్ 3.5 శాతమైతే 101, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 18. మొత్తం దాదాపు 3,000. లిమిట్ 3,500 పెట్టండి. 2,880కే పెడితే మళ్లీ డిక్లైన్ కావచ్చు. యాప్ చూపించే లక్షల లిమిట్‌ను అలాగే వదిలేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి గడప మీద పెట్టి పోయినట్టే కదా!

ధర రూపాయల్లో కనిపించినా డబ్బు తీసుకునే సంస్థ విదేశీదైతే అది విదేశీ చెల్లింపే. ఇలాంటి చోట పొరబడేవాళ్లు చాలామంది.

డబ్బు కట్ అయినట్టు మెసేజ్ రాగానే స్విచ్ మళ్లీ ఆఫ్ చేయండి. తెలియని డెబిట్ ఏదైనా కనిపిస్తే మూడు పనిదినాల లోపే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. ఆ ఫిర్యాదు నంబరు దాచుకోండి. కస్టమర్ కేర్ నంబరు మాత్రం కార్డు వెనక ఉన్నదే వాడండి, గూగుల్లో వెతకొద్దు.