టీఎస్‌హెచ్ 6.8... థైరాయిడ్ మాత్ర ఇప్పుడే మొదలుపెట్టాలా?

ప్రశ్న: నా వయసు 41. నెల రోజులుగా విపరీతమైన నీరసం. హెల్త్ చెకప్‌లో టీఎస్‌హెచ్ 6.8 వచ్చింది, ఫ్రీ టీ4 నార్మల్. హిమోగ్లోబిన్ 10.2. పరీక్షకు మూడు వారాల ముందు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాను. నెలసరిలో రక్తస్రావం కూడా ఎక్కువే. థైరాయిడ్ మాత్ర వెంటనే మొదలుపెట్టాలంటున్నారు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మానకూడదట కదా! టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ఈ ఒక్క రిపోర్టు చూసి నేనైతే మాత్ర రాయను. మీ నీరసానికి మాత్రం ఇప్పుడే వైద్యం కావాలి. దానికి కారణం వేరే చోట ఉండే అవకాశం ఎక్కువ.

టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ కాదు. థైరాయిడ్‌ను పని చేయించడానికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి విడుదల చేసేది. శరీరానికి అందే అసలు హార్మోన్ టీ4. మీకు అది నార్మల్‌గానే ఉంది. అంటే ప్రస్తుతానికి థైరాయిడ్ తన పని చేస్తోంది, కాకపోతే పిట్యూటరీ మామూలుకన్నా కాస్త ఎక్కువ ఒత్తిడి పెట్టాల్సి వస్తోంది. చాలా ల్యాబుల్లో టీఎస్‌హెచ్ పై హద్దు 4 నుంచి 4.5 దాకా ఉంటుంది. 6.8 అంటే కొద్దిగా పెరగడమే.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది జ్వరం సంగతి. పెద్ద జబ్బు నుంచి కోలుకునే రోజుల్లో టీఎస్‌హెచ్ కొన్ని వారాల పాటు పెరిగి, దానంతటదే దిగిపోతుంది. ఇప్పుడే మాత్ర వేసుకున్నారనుకోండి, రెండు నెలల తర్వాత రిపోర్టు నార్మల్‌గా వస్తే అది మాత్ర వల్లా, కోలుకోవడం వల్లా అన్నది ఎవరికీ తెలియదు. అవసరం లేని మాత్ర ఏళ్ల తరబడి కొనసాగడానికి ఇదే దారి. అందుకే రెండు మూడు నెలలు ఆగి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 మళ్లీ చేయించుకోండి. వాటితోపాటు యాంటీ టీపీఓ పరీక్ష కూడా అడగండి. మన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌పై దాడి చేస్తోందా అన్నది దాంతో తెలుస్తుంది. వీలైతే మొదటిసారి ఇచ్చిన ల్యాబులోనే, అదే వేళకు రక్తం ఇవ్వండి. రోజులో వేళను బట్టి కూడా టీఎస్‌హెచ్ మారుతుంది.

రెండోసారి 10 దాటితే, లేదా ఫ్రీ టీ4 తగ్గితే మాత్ర అవసరమవుతుంది. 10లోపే ఉండి యాంటీ టీపీఓ పాజిటివ్ అయితే సమస్య ముదిరే అవకాశం ఉంటుంది కాబట్టి, లక్షణాలను బట్టి మాత్ర మొదలుపెట్టడమో, ఆరు నెలలకో ఏడాదికో పరీక్ష చేయించుకుంటూ గమనించడమో చేస్తాం. జీవితాంతం అన్న భయం గురించి ఒక మాట. ఈ మాత్ర అలవాటుగా మారే మందు కాదు. గ్రంథి ఇవ్వలేని హార్మోన్‌ను బయట నుంచి ఇస్తుందంతే. గ్రంథి శాశ్వతంగా దెబ్బతింటే జీవితాంతం కావాలి, లేకపోతే డాక్టర్ పర్యవేక్షణలో ఆపి చూడవచ్చు.

ఇక నీరసం. మహిళల్లో హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనత అంటాం. మీకు 10.2 ఉంది, నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోంది, పైగా జ్వరం నుంచి లేచారు. ఈ అలసటకు ఈ మూడూ సరిపోతాయి. ఫెరిటిన్ పరీక్షతో ఐరన్ నిల్వలు ఎంతున్నాయో చూసి, తక్కువుంటే ఐరన్ మాత్రలు వాడాలి. రక్తస్రావం ఎందుకు ఎక్కువవుతోందో గైనకాలజిస్టు చూడాలి. దీన్ని వాయిదా వేయకండి. తర్వాతెప్పుడైనా థైరాయిడ్ మాత్ర అవసరమైతే, దానికీ ఐరన్ మాత్రకూ మధ్య నాలుగు గంటల తేడా ఉండాలి. కలిపి వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు.

ఇదంతా మీరు రాసిన వివరాలను బట్టి చెబుతున్నాను. మీ మెడ తడిమి చూడలేదు, నాడి చూడలేదు, ఏ మందులు వాడుతున్నారో అడగలేదు. నా సలహాను మార్చేసేవి కూడా ఇవే. మీరు గర్భంతో ఉన్నా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా రెండు నెలలు ఆగమన్న మాట మీకు వర్తించదు, ఈ వారమే డాక్టర్‌ని కలవండి. మెడలో వాపు ఉన్నా, లిథియం లేదా అమియోడరోన్ వాడుతున్నా అంతే. ఇప్పటికే మాత్ర మొదలుపెట్టి ఉంటే ఇది చదివి మీ అంతట మీరు ఆపకండి. జ్వరం సంగతి ఆ డాక్టర్‌కు తెలుసో లేదో అడిగి, ఎందుకు రాశారో కనుక్కోండి.

కాస్త నడిస్తేనే ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, గంటకో ప్యాడ్ మార్చాల్సి రావడం వంటివి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.